ఎకో నాబ్ సున్నాలో ఉన్నా గొంతు రెండుసార్లు వినిపిస్తున్నది: మిక్సరు, రెండు మైకులతో ఇంటి కరావోకే

సాయంకాలపుపాట

అందరికీ నమస్కారం. ఇంట్లో కరావోకే ఏర్పాటు చేసుకుని పది రోజులైనది. ఆరు చానళ్ల చిన్న మిక్సరు ఒకటి, తీగతో వచ్చే డైనమిక్ మైకులు రెండు, గోడకు బిగించిన సౌండ్‌బార్ ఒకటి నా దగ్గర ఉన్న సరంజామా. పాట ట్రాకు, సాహిత్యం టీవీలో వస్తాయి. టీవీ హెడ్‌ఫోను రంధ్రం నుండి తీగ తెచ్చి మిక్సరులోని స్టీరియో చానలుకు ఇచ్చాను. మిక్సరు మీద ఎకో, డిలే, రిపీట్ అని మూడు నాబ్‌లు విడివిడిగా ఉన్నాయి.

నన్ను వేధిస్తున్నవి రెండు సమస్యలు. మొదటిది, ఎకో నాబ్‌ను పూర్తిగా సున్నాకు తిప్పినా నా గొంతు నాకు రెండుసార్లు వినిపిస్తున్నది. పలికిన మాట నోట్లో ఉండగానే, దాని వెనకాలే అదే మాట గోడ నుండి వచ్చి తగులుతున్నది. నేను తాళానికే పాడుతున్నాననుకుంటున్నాను గాని, పక్క గదిలో కూర్చుని వినేవారు మాత్రం ప్రతి పంక్తిలోనూ వెనకబడుతున్నావంటున్నారు. రెండవది, ఒక మైకుతో పాడినంతసేపు బాగానే ఉంటుంది. మా అమ్మాయి రెండవ మైకు తీసుకోగానే కుయ్యిమని కూత మొదలవుతుంది. మిక్సరులోని ఎకో భాగం పాడైనదని అనుమానిస్తున్నాను. మార్చి ఇమ్మని అడిగే ముందు తెలిసినవారి మాట వినాలని ఇక్కడ వ్రాస్తున్నాను.

నిదానం

ఇది నూటికి నూరుపాళ్లు ఎకో భాగంలోని దోషమే. కొన్ని మిక్సర్లలో నాబ్ సున్నాకు తిప్పినా లోపల కొంత ఎకో కారుతూనే ఉంటుంది. మార్చి తెచ్చుకోండి. కూత విషయానికి వస్తే, మైకులు నాసిరకమైనవై ఉంటాయి. కాస్త మంచి మైకులు కొంటే కూత దానంతట అదే పోతుంది.

మధ్యమావతి

గొంతు రెండుసార్లు వినిపిస్తున్నదంటే, ట్రాకులో అసలు గాయకుడి గొంతు మిగిలిపోయిందేమో చూసుకోండి. నాకు ఒక చిట్కా దొరికింది. ఫోను నుండి వచ్చే తీగకు చివర లావుపాటి జాక్ ఒకటే ఉన్నది. దానిని మైకు చానలులోని లైన్ రంధ్రంలో పెట్టగానే పాటలోని గాయని గొంతు ఎనభై పాళ్లు మాయమైనది. మిక్సరులో గొంతు తీసివేసే సౌకర్యం ఉన్నదని పుస్తకంలో ఎక్కడా వ్రాయలేదు గాని, పని మాత్రం చేస్తున్నది. మీరూ ప్రయత్నించవచ్చు.

తీగలపెట్టె

సాయంకాలపుపాట గారూ, ఎకో భాగం మీద తీర్పు చెప్పే ముందు ఒక్క సంగతి చెప్పండి. టీవీ నుండి మిక్సరు దాకా వచ్చే తీగను వివరంగా చెప్పారు. మిక్సరు నుండి సౌండ్‌బార్ దాకా ధ్వని ఎలా వెళుతున్నదో మాత్రం చెప్పలేదు. నా అనుమానమంతా ఆ ఒక్క చోటనే ఉన్నది.

మధ్యమావతి గారూ, మీరు చెప్పినది వేరే సంగతి అయినా ముచ్చటైనది కాబట్టి చెబుతాను. అది సౌకర్యం కాదు, పొరపాటు తీగ చేసిన మాయ. ఆ లైన్ రంధ్రం బ్యాలెన్స్‌డ్ రకానిది. జాక్ కొన మీదుగా ఒకటి, దాని తరువాతి వలయం మీదుగా ఒకటి వచ్చే సంకేతాలలో ఒకదాని నుండి మరొకదానిని తీసివేసి, మిగిలిన తేడాను మాత్రమే లోపలికి తీసుకోవడం దాని పద్ధతి. మీరు దానికి ఎడమ, కుడి సంగీతాన్ని ఇచ్చారు. రెండు వైపులా సమానంగా ఉండే గాయని గొంతు కొట్టుకుపోయింది. ఆమెతోపాటు, సాధారణంగా మధ్యలోనే ఉండే బేసు, పెద్ద డ్రమ్ము కూడా కొట్టుకుపోయి ఉంటాయి. పాట పేలవంగా, రేకు డబ్బాలో మోగినట్లుగా ఉన్నదా లేదా చెప్పండి. చివర రెండు జాక్‌లుగా చీలే తీగ తెచ్చి స్టీరియో చానలు ఎడమ, కుడి రంధ్రాలలో పెట్టుకుంటే పాట నిండుగా వస్తుంది, గాయని కూడా తిరిగి వస్తుంది. గొంతు లేకుండా కావాలంటే మొదటి నుండి గొంతు లేని ట్రాకునే వాడుకోవడం మేలు.

మధ్యమావతి

రేకు డబ్బా అన్నమాట అక్షరాలా నిజం. నేను సౌండు పెట్టెను తప్పు పట్టి దాని బేసు నాబ్‌ను చివరిదాకా తిప్పి ఉంచాను. తీగ మారుస్తాను.

సాయంకాలపుపాట

తీగలపెట్టె గారూ, సౌండ్‌బార్ గోడకు ఎత్తున ఉన్నది. మిక్సరు ఎదురుగా బల్ల మీద ఉంటుంది. గదికి అడ్డంగా తీగ లాగడం ఇష్టం లేక, మిక్సరు మెయిన్ అవుట్‌కు చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తగిలించి, దాని ద్వారా సౌండ్‌బార్‌కు పంపుతున్నాను. ధ్వని నాణ్యతలో నాకేమీ లోపం కనిపించలేదు, అందుకే ప్రత్యేకంగా చెప్పలేదు.

తీగలపెట్టె

దొంగ దొరికాడు. నాణ్యతలో లోపం ఉండదు, ఆలస్యంలో ఉంటుంది. బ్లూటూత్ ధ్వనిని ముక్కలుగా కుదించి, పంపి, అవతల విప్పి, మధ్యలో తెగిపోకుండా కొంత నిలవ పెట్టుకుని వినిపిస్తుంది. మామూలు పద్ధతిలో ఈ తతంగానికి 150 నుండి 250 మిల్లీసెకన్ల దాకా పట్టడం సాధారణం. పాట వింటున్నప్పుడు అది తెలియదు, ఎందుకంటే పోల్చి చూసుకోవడానికి మీ దగ్గర వేరే ధ్వని లేదు. మైకులో పాడినప్పుడు మాత్రం మీ గొంతు మీ ఎముకల ద్వారా వెంటనే చెవికి చేరుతుంది, సౌండ్‌బార్ నుండి వచ్చేది సెకనులో అయిదవ వంతు తరువాత చేరుతుంది. దీనినే మీరు ఎకో అనుకుంటున్నారు.

వెనకబడుతున్నావని పక్క గదివారు అంటున్నది కూడా సరైన మాటే. సంగీతం కూడా సౌండ్‌బార్ నుండి ఆలస్యంగానే వస్తుంది, కాని మీకు అదే మొదటి ధ్వని కాబట్టి ఆలస్యమని తెలియదు. ఆ సంగీతానికి సరిగ్గా కలిపి మీరు పాడతారు. అప్పుడు మీ గొంతు మైకులోకి వెళ్లి, అదే దారిలో మళ్లీ అంత ఆలస్యంతో బయటకు వస్తుంది. మీ నోటి దగ్గర మీరు తాళంలోనే ఉన్నారు, గోడ దగ్గర వెనకబడ్డారు. పైగా సుమారు 200 మిల్లీసెకన్ల ఆలస్యంతో తన మాట తనకు వినిపిస్తే మామూలుగా మాట్లాడేవారికి కూడా నాలుక తడబడుతుంది.

నా మాట నమ్మనవసరం లేదు, కొలిచి చూడండి. ఎకో సున్నాలో ఉంచి, మైకును బల్ల మీద పడుకోబెట్టి, దాని పక్కన జానెడు దూరంలో ఫోనును రికార్డింగులో పెట్టండి. మైకు జాలీ మీద గోటితో ఒక్కసారి టక్కున కొట్టండి. ఆ రికార్డింగును కంప్యూటరులో ఆడాసిటీ వంటి దానిలో తెరిచి పెద్దది చేసి చూస్తే రెండు ముళ్లు కనిపిస్తాయి. మొదటిది గోటి చప్పుడు, రెండవది సౌండ్‌బార్ నుండి వచ్చినది. వాటి మధ్య దూరమే మీ ఆలస్యం.

నిదానం

అయితే నేను చెప్పినది ఎకో భాగం విషయంలో తప్పే, ఒప్పుకుంటున్నాను. దీనిని బట్టి తేలేదేమంటే, కరావోకేలో బ్లూటూత్ ఎక్కడా వాడకూడదు. టీవీని కూడా నమ్మకూడదు, టీవీలలో కూడా ధ్వని ఆలస్యంగానే వస్తుంది కదా.

గదిమూల

నిదానం గారి మాటతో నాకు పేచీ ఉన్నది. నేను రెండేళ్లుగా ఫోను నుండి మిక్సరుకు బ్లూటూత్ ద్వారానే పాట పంపుతున్నాను. మిక్సరు నుండి స్పీకరుకు మాత్రం తీగ. పాడేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఉన్న ఒకే ఇబ్బంది ఏమిటంటే, ఫోను తెర మీద సాహిత్యం రంగు మారడం పాట కంటే కొంచెం ముందుగా జరుగుతుంది. కొన్ని యాప్‌లలో దానిని సవరించే వీలున్నది, నేను అలా సవరించుకున్నాను. బ్లూటూత్ చెడ్డదైతే నాకెందుకు పని చేస్తున్నది?

తీగలపెట్టె

ఎందుకంటే మీ ఆలస్యం మిక్సరుకు ముందున్నది, సాయంకాలపుపాట గారిది మిక్సరుకు తరువాత ఉన్నది. కరావోకేలో తేడా అంతా ఇక్కడే ఉన్నది. మిక్సరులోకి వచ్చేలోపు పాట ఎంత ఆలస్యమైనా పాడేవారికి నష్టం లేదు. ఎందుకంటే వారు గదిలో వినిపించిన సంగీతానికి కలిపి పాడతారు, వారి గొంతు తీగలో ఆ క్షణానే స్పీకరుకు చేరుతుంది. తెర మీది అక్షరాలు ముందో వెనకో కావడం ఒక్కటే మిగులుతుంది. అదే ఆలస్యం మిక్సరు దాటిన తరువాత వస్తే, గొంతు కూడా దానిలో చిక్కుకుంటుంది. మైకు నుండి స్పీకరు దాకా ఉన్న దారిలో బ్లూటూత్ గాని, టీవీ గాని ఉండకూడదు. నిదానం గారి నియమాన్ని అంతవరకు కుదిస్తే అది సరైనదే.

టీవీ సంగతి కూడా అంతే. టీవీ బొమ్మను, ధ్వనిని ఒకేసారి ఆలస్యం చేస్తే ఎవరికీ తెలియదు. హెడ్‌ఫోను రంధ్రం నుండి మిక్సరుకు వస్తున్న ప్రస్తుత పద్ధతిని మార్చకండి.

సాయంకాలపుపాట

కొలిచాను. ముళ్ల మధ్య దూరం 0.22 సెకను వచ్చింది. ఆడాసిటీలో చూస్తుంటే ఆశ్చర్యం వేసింది, రెండవ ముల్లు అంత దూరంగా ఉంటుందని అనుకోలేదు.

వెంటనే ట్రాన్స్‌మిటర్ తీసివేసి, గది అంచు వెంట పొడవాటి తీగ నడిపించి సౌండ్‌బార్ వెనక ఉన్న ఆక్స్ రంధ్రానికి ఇచ్చాను. మళ్లీ కొలిస్తే 0.07 సెకను. చాలా మెరుగు, కాని సమస్య పూర్తిగా పోలేదు. ఇప్పుడు మాట రెండుసార్లుగా వినిపించడం లేదు, కాని ఇరుకు సందులో పాడుతున్నట్లుగా ఒక మొద్దుతనం ఉన్నది. తీగ వేసిన తరువాత కూడా ఈ 0.07 ఎక్కడి నుండి వచ్చింది?

తీగలపెట్టె

సౌండ్‌బార్ లోపలి నుండి. అది వచ్చిన ధ్వనిని అంకెలుగా మార్చి, సరౌండ్ అనీ, సినిమా అనీ, రాత్రి అనీ ఏవేవో మెరుగులు దిద్ది, ఆ తరువాత వినిపిస్తుంది. రిమోటులో ఆ మెరుగులన్నీ తీసివేసి, మామూలు స్టీరియోలోనో సంగీతం మోడ్‌లోనో ఉంచి మళ్లీ కొలవండి. కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది ఆ సౌండ్‌బార్‌ను బట్టి ఉంటుంది.

నా అనుభవంలో పది మిల్లీసెకన్ల లోపు ఆలస్యాన్ని పాడేవారు గుర్తుపట్టరు. ముప్ఫై దాటితే చిరాకు మొదలవుతుంది. గాలిలో ధ్వని మీటరు దూరం వెళ్లడానికే సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, రెండు మీటర్ల దూరంలో స్పీకరు ఉంటే ఆరు మిల్లీసెకన్లు ఎలాగూ తప్పవు. అది మనకు పుట్టినప్పటి నుండి అలవాటే.

సాయంకాలపుపాట

మెరుగులన్నీ తీసివేస్తే 0.045 వచ్చింది. అంతకు మించి తగ్గలేదు. నిన్న సాయంత్రం మిత్రుడి దగ్గర యాంప్లిఫయరు లోపలే ఉన్న చిన్న స్టేజి స్పీకరు అడిగి తెచ్చి, మిక్సరు మెయిన్ అవుట్ నుండి నేరుగా తీగతో కలిపాను. దానిని నాకు రెండు మీటర్ల దూరంలో పెట్టి కొలిస్తే రెండు ముళ్లు దాదాపు ఒకదానికొకటి అంటుకుని, వాటి మధ్య ఏడెనిమిది మిల్లీసెకన్లు మాత్రమే కనిపించింది. పాడగానే తేడా తెలిసిపోయింది. పది రోజులుగా తాళం తప్పుతున్నానని బాధపడిన పాటను మొదటిసారికే పూర్తిగా పాడగలిగాను. పక్క గది నుండి ఫిర్యాదు రాలేదు. ఇక సౌండ్‌బార్‌ను సినిమాలకే పరిమితం చేస్తాను.

అయితే ఎకో నాబ్‌ను ఇప్పుడు నిజంగా తిప్పవలసిన అవసరం వచ్చింది. ఎకో లేకుండా గొంతు మరీ పొడిగా ఉన్నది. మూడు నాబ్‌లనూ సగానికి తిప్పితే మాటలన్నీ ముద్దైపోతున్నాయి. ఇంకో వింత ఏమిటంటే, పాట ట్రాకులోని తబలా కూడా రెండేసి సార్లు మోగుతున్నది.

తీగలపెట్టె

తబలా సంగతి ముందు. మీ మిక్సరులో ప్రతి చానలుకూ ఎకోకు ఎంత పంపాలో నిర్ణయించే చిన్న నాబ్ ఉంటుంది, ఎఫెక్ట్స్ అనో ఎఫ్‌ఎక్స్ అనో వ్రాసి ఉంటుంది. పాట వస్తున్న స్టీరియో చానలులో అది తెరిచి ఉన్నది. దానిని సున్నా చేయండి. రెండు మైకు చానళ్లలో మాత్రమే తెరిచి ఉండాలి.

ఇక మూడు నాబ్‌ల గురించి. ఎకో అనేది తిరిగి వచ్చే మాట ఎంత గట్టిగా వినిపించాలో నిర్ణయిస్తుంది. డిలే అనేది ఎంతసేపటికి తిరిగి రావాలో, రిపీట్ అనేది ఎన్నిసార్లు రావాలో నిర్ణయిస్తాయి. ముద్ద కావడానికి కారణం ఎక్కువగా రిపీట్. ఎకోను సగంలోనే ఉంచి, ముందుగా రిపీట్‌ను పూర్తిగా తగ్గించి, ఒక్కసారి మాత్రమే తిరిగి వచ్చేలా ఉంచండి. డిలేను పూర్తిగా తగ్గించి మొదలుపెట్టి, మైకులో "టక్" అని పలుకుతూ మెల్లగా పెంచండి. మొదట్లో రెండు చప్పుళ్లు కలిసి ఒకటిగా ఉంటాయి, కాసేపటికి రెండుగా విడిపోతాయి. విడిపోయిన తరువాత ఇంకొంచెం పెంచి అక్కడ ఆపండి. ఇప్పుడు రిపీట్‌ను పెంచుతూ, రెండు మూడు సార్లు తిరిగి వచ్చి చచ్చిపోయేలా ఉంచండి. ఎకోను అన్నింటికంటే చివర, సున్నాకు తెచ్చి మెల్లగా పెంచాలి. పాట మోగుతున్నప్పుడు ఎకో ఉన్నట్లు ప్రత్యేకంగా తెలియకుండా ఉండి, తీసివేస్తే మాత్రం లోటు తెలిసే చోట ఆపాలి.

మన భాషలో పరుషాలు, ఒత్తులు ఎక్కువ. క, ట, త వంటి అక్షరాలు తిరిగి వచ్చినప్పుడు గులకరాళ్లు పడ్డట్లు వినిపిస్తాయి. అలా వినిపిస్తున్నదంటే డిలే ఎక్కువైనదనో, ఎకో గట్టిగా ఉన్నదనో గుర్తు. గమకం ఉన్న చోట కూడా పొడవాటి ఎకో నష్టమే, ఎందుకంటే జారిపోయిన స్వరం వెనకకు వచ్చి ఇప్పుడు పలుకుతున్న స్వరాన్ని ఢీకొంటుంది.

నిదానం

డిలే సమయాన్ని పాట వేగానికి సరిగ్గా ఒక తాళపు దెబ్బంత పెట్టాలని చదివాను. 60,000ను నిమిషానికి ఉన్న దెబ్బల సంఖ్యతో భాగిస్తే మిల్లీసెకన్లలో సమయం వస్తుంది. అలా పెడితే ఎప్పటికీ ముద్ద కాదు.

తీగలపెట్టె

లెక్క సరైనదే, కాని ఒక దెబ్బంత పెట్టడం ఇంట్లో పాడే పాటకు మరీ ఎక్కువ. నిమిషానికి 72 దెబ్బల పాట తీసుకుంటే ఒక దెబ్బ 833 మిల్లీసెకన్లు అవుతుంది. అంతసేపటికి తిరిగి వచ్చే మాట ఎకోగా ఉండదు, ఎవరో వెనక నిలబడి వెక్కిరిస్తున్నట్లు ఉంటుంది. దానిలో నాలుగవ వంతు, అంటే సుమారు 208 మిల్లీసెకన్లు పెడితే తాళంలోనూ ఉంటుంది, గొంతుకు అంటుకుని కూడా ఉంటుంది. అయితే నాబ్ మీద అంకెలు లేని మిక్సరులో పాట పాటకూ ఈ లెక్క చేయడం వృథా శ్రమ. పైన చెప్పిన "టక్" పద్ధతిలో చెవితో పెట్టుకున్నది చాలా పాటలకు సరిపోతుంది. మరీ వేగమైన పాటకు ఎకోను కాస్త తగ్గిస్తే చాలు.

గదిమూల

నా అభిప్రాయంలో ఇంటికి ఎకో కంటే రివర్బ్ మేలు. ఎకో మాటను లెక్కపెట్టినట్లు తిరిగి చెబుతుంది, రివర్బ్ పెద్ద హాలులో పాడినట్లు ఒక పరుపు వేస్తుంది. నా మిక్సరులో రెండూ ఉన్నాయి, ఎకో వైపు చూసి ఏడాదైనది.

తీగలపెట్టె

అది రుచిని బట్టి ఉంటుంది. గట్టి గోడలు, నున్నటి నేల ఉన్న గదిలో గది తన రివర్బ్‌ను తనే ఇస్తుంది, దాని మీద మరొకటి కలిపితే బావిలో పాడినట్లవుతుంది. అటువంటి గదిలో నేను ఎకోనే వాడతాను. మీ గదిలో తెరలు, పరుపులు ఎక్కువై ఉంటాయి.

గదిమూల

పరుపులు ఉన్నమాట నిజమే. అయినా నా మాట నాదే.

సాయంకాలపుపాట

"టక్" పద్ధతి బాగా పని చేసింది. డిలే నాబ్ పావు వంతు దగ్గర, రిపీట్ అంతకంటే తక్కువలో నిలిచాయి. ఎఫెక్ట్స్ నాబ్‌ను పాట చానలులో సున్నా చేయగానే తబలా ఒక్కటే మిగిలింది.

ఇక రెండవ మైకు కూత మిగిలి ఉన్నది. నా మైకు ఒక్కటే తెరిచి ఉంటే కూత లేదు. రెండవది నా దానికి సమానంగా తెరవగానే మొదట ఒక సన్నని మోత, ఆ వెంటనే కూత. ఎకో పెంచితే మరీ త్వరగా వస్తున్నది. రెండు మైకులను తారుమారు చేసి చూశాను, అయినా అంతే. కాబట్టి మైకు దోషం కాదనుకుంటున్నాను.

నిదానం

మైకు దోషం కాకపోతే స్పీకరు శక్తి చాలక అలా అవుతుంది. పెద్ద స్పీకరు తెస్తే తక్కువ శబ్దం మీద నడుస్తుంది కాబట్టి కూత రాదు.

తీగలపెట్టె

లేదండీ, స్పీకరు పెద్దదైనా చిన్నదైనా కూత ఒక్క చోటనే మొదలవుతుంది. మైకు నుండి స్పీకరుకు, స్పీకరు నుండి తిరిగి మైకుకు వచ్చిన ధ్వని తాను మొదట ఉన్నంత గట్టిగా తిరిగి వస్తే, ఆ చక్రం ఆగకుండా పెరుగుతుంది. ఒక మైకు తెరిచినప్పుడు ఆ హద్దుకు కొంచెం ఇవతల ఉన్నారు. అంతే తీరుగా రెండవది తెరిస్తే స్పీకరు ధ్వని రెండు దారుల్లో లోపలికి వస్తుంది. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ మీకున్న వెసులుబాటు సుమారు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. మీ మైకు అంచున నడుస్తున్నది కాబట్టి ఆ మూడూ చాలు పడిపోవడానికి. ఎకో కూడా అదే ధ్వనిని మళ్లీ మళ్లీ స్పీకరుకు పంపుతుంది కాబట్టి అది మరో దారి తెరిచినట్లే.

నాలుగు ప్రశ్నలు. స్పీకరు మీ ముందున్నదా, వెనకనా? మైకును నోటికి ఎంత దూరంలో పట్టుకుంటున్నారు? మీ అమ్మాయి మైకును ఎక్కడ పట్టుకుంటున్నది? సంగీతం ఎంత గట్టిగా ఉన్నది?

సాయంకాలపుపాట

స్పీకరు మా వెనక, కాస్త ఎడమ పక్కన ఉన్నది. టీవీ ముందున్నది కాబట్టి వెనక పెడితే అడ్డు రాదనుకున్నాను. నేను మైకును సుమారు జానెడు దూరంలో పట్టుకుంటాను. అమ్మాయి జాలీ చుట్టూ గుప్పిట బిగించి పట్టుకుంటున్నది, రాప్ పాడేవారు అలాగే పట్టుకుంటారని దాని వాదన. సంగీతం మాత్రం గట్టిగానే ఉన్నది, దాని మీద గొంతు వినబడాలని మైకులు పెంచవలసి వస్తున్నది.

తీగలపెట్టె

నాలుగూ తప్పులే, అందువల్ల నాలుగూ లాభాలే.

ఈ మైకులు ముందు వైపు బాగా వింటాయి, తోక వైపు చాలా తక్కువ వింటాయి. స్పీకరు మీ వెనక ఉంటే, మీ భుజం మీదుగా మైకు నోట్లోకే అరుస్తున్నట్లు. దానిని టీవీ పక్కకు, మీకు ఎదురుగా మార్చండి. మైకు తోక స్పీకరు వైపు, తల మీ నోటి వైపు ఉండాలి. మైకు కార్డియాయిడ్ రకమైతే తోకకు నేరుగా ఎదురుగా ఉండే చోటు అత్యంత మూగది. సూపర్‌కార్డియాయిడ్ అయితే తోకకు కొంచెం పక్కలకు ఉండే చోట్లు మూగవి. పెట్టె మీద ఆ మాట వ్రాసి ఉంటుంది, చూసి స్పీకరును అటు జరపండి.

గుప్పిట సంగతి అసలు నేరస్థానం కావచ్చు. జాలీ వెనక భాగంలో ఉన్న సందుల ద్వారా వచ్చే ధ్వనితోనే మైకు తన వెనక వైపును మూగగా చేసుకోగలుగుతుంది. ఆ సందులను చేతితో మూస్తే అది అన్ని వైపులా వినే మైకుగా మారిపోతుంది, కూత వెంటనే పట్టుకుంటుంది. అమ్మాయికి చేతిని జాలీ కింద, పిడి మీద ఉంచమని చెప్పండి. రాప్ పాడేవారు ఆ పట్టు పట్టినప్పుడు వారి సౌండు మనిషి ఎన్ని తిట్లు తిట్టుకుంటాడో నేను విన్నాను.

జానెడు దూరాన్ని నాలుగు వేళ్లకు తగ్గించండి. నోటికి మైకుకు ఉన్న దూరం సగమైతే గొంతు మైకులో ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది నుండి వచ్చేది మాత్రం పెరగదు. అంటే చానలును అంతే తగ్గించుకోవచ్చు. దగ్గరగా పాడితే గొంతులో బరువు పెరుగుతుంది కాబట్టి ఆ చానలులో "లో" అని వ్రాసి ఉన్న బేసు నాబ్‌ను కాస్త తగ్గించండి, లోకట్ మీట ఉంటే నొక్కండి.

సంగీతాన్ని తగ్గించడమే అన్నింటికంటే ముఖ్యం. ఇంట్లో గొంతు వినబడకపోతే అందరూ మైకు పెంచుతారు, పాటను ఎవరూ తగ్గించరు. పాట చానలును ముందుగా మూసి, ఎకో కూడా మూసి, రెండు మైకులనూ చేతిలో పట్టుకునే తీరులోనే ఉంచి కలిపి పెంచుతూ, సన్నని మోత మొదలైన చోట నుండి రెండింటినీ కొంచెం వెనకకు తీయండి. మైకులకు అదే హద్దు. తరువాత ఎకోను కలిపి, మోత వస్తే మైకులను మరికొంత తగ్గించండి. ఆ గొంతుకు సరిపోయేంత మాత్రమే సంగీతాన్ని చివర తెండి.

సాయంకాలపుపాట

నిన్న రాత్రి చేశాము. స్పీకరు టీవీ పక్కన కుర్చీ ఎత్తులో పెట్టాము. అమ్మాయి పట్టు మార్చడానికి కొంత బతిమాలవలసి వచ్చింది, గుప్పిట బిగిస్తే వచ్చే కూతను మీ వివరణతో చేసి చూపించిన తరువాత ఒప్పుకుంది. వేళ్లు జాలీ మీదికి రాగానే మోత మొదలై, పిడి మీదికి దిగగానే ఆగిపోవడం చూసి తనే నాలుగుసార్లు అటూ ఇటూ చేసింది. మునుపటి స్థానంలో రెండు మైకుల ఫేడర్లు సగం దాటలేదు. ఇప్పుడు మూడు వంతులు తెరిచినా మోత లేదు. సంగీతం తగ్గించినందుకు మొదటి పాటకు వెలితిగా అనిపించింది, రెండవ పాటకు అలవాటైనది.

ఒక్క చిన్న సంగతి మాత్రం అర్థం కాలేదు. ఇద్దరం ఒకే పంక్తిని మైకులు దగ్గర దగ్గరగా పెట్టి పాడినప్పుడు గొంతులు పలచబడి, ముక్కుతో పాడినట్లు వినిపిస్తున్నాయి. విడివిడిగా ఉంటే ఇద్దరివీ బాగున్నాయి.

తీగలపెట్టె

రెండు కారణాలు ఉండవచ్చు. ఒకే గొంతు రెండు మైకులలోకి వేర్వేరు దూరాల నుండి చేరితే కొన్ని స్వరస్థాయిలు ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. మీరిద్దరూ చేయి చాచినంత ఎడంగా నిలబడి, ఎవరి మైకును వారు నోటికి దగ్గరగా పట్టుకుంటే అది చాలావరకు పోతుంది. రెండవ కారణం, ఒక తీగలో రెండు కొసలు తారుమారుగా అతికించి ఉండటం. దానిని పట్టుకోవడానికి ఒక్కరే రెండు మైకులనూ జతగా, తలలు ఆనించి పట్టుకుని మాట్లాడండి. ఒకటి తెరిచినప్పటి కంటే రెండు తెరిచినప్పుడు గొంతు నిండుగా వస్తే తీగలు సరిగ్గా ఉన్నట్లు. పలచబడి, దాదాపు మాయమైతే ఒక తీగ తిరగబడినట్లు. అప్పుడు తీగ మార్చి చూడండి.

కొత్తగొంతు

చర్చ అంతా చదివి నా స్పీకరు కూడా ముందుకు మార్చాను, ధన్యవాదాలు. నాది మరో ఇబ్బంది. ట్రాకు టీవీ నుండి కాక ల్యాప్‌టాప్ నుండి మిక్సరుకు ఇస్తున్నాను. ఛార్జరు పెట్టగానే స్పీకరులో ఝుమ్మని మోత వస్తుంది, తీయగానే పోతుంది. మైకులు మూసినా ఉంటుంది. ఇది కూడా కూతలాంటిదేనా?

తీగలపెట్టె

మైకులు మూసినా ఉన్నదంటే కూత కాదు. ఛార్జరు నుండి వచ్చే కరెంటు మలినం ఆడియో తీగ ద్వారా మిక్సరులోకి వస్తున్నది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి పాడుకోవడం తక్షణ ఉపాయం. ల్యాప్‌టాప్‌కు మిక్సరుకు మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెడితే చాలాసార్లు పోతుంది. ఛార్జరు ఎర్త్ పిన్నును మాత్రం ఎవరు చెప్పినా పీకకండి.

కొత్తగొంతు

ఆ డబ్బా ఒకటి ఇంట్లోనే ఉన్నది, పెట్టి చూశాను. మోత సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. మైకు దగ్గరగా పాడుతుంటే తెలియడం లేదు గాని, పాట మధ్యలో సంగీతం ఆగిన చోట వినిపిస్తున్నది.

సాయంకాలపుపాట

మైకుల జత పరీక్ష చేశాను. రెండూ ఆనించి మాట్లాడితే గొంతు దాదాపు మాయమైనది. తీగలను మార్చి చూస్తే లోపం నా మైకు వైపు తీగలో ఉన్నట్లు తేలింది. ఆ తీగ కొసను విప్పితే లోపల ఎరుపు, తెలుపు పోగులు రెండవ తీగలో ఉన్న క్రమానికి తిరగబడి అతికించి ఉన్నాయి. టంకం వేసే ఇనుము ఉన్న మిత్రుడు ఆదివారం వస్తానన్నాడు. అంతవరకు ఇద్దరం గదికి చెరో మూల నిలబడి పాడుతున్నాము.